సాంబారులో బల్లి పడితే: భయపడవలసింది దేనికి, పారవేయవలసింది ఏది?

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల గల్లీలలోని హాస్టళ్ళలోను, పంజాగుట్ట వైపు సాగే వీధులలోని కర్రీ పాయింట్లు, టిఫిన్ సెంటర్లలోను ప్రతి రోజూ వేలాది మంది ఇతరులు వండిన భోజనం చేస్తున్నారు. వారిలో ఎక్కువ మంది కోచింగ్ కోసం జిల్లాల నుండి వచ్చిన యువతీయువకులు. ఇటువంటి చోట్ల నివసించే వారి నుండి, వారి తల్లిదండ్రుల నుండి వైద్యులకు తరచుగా వచ్చే ప్రశ్న ఒకటి ఉంది. ‘సగం భోజనం అయిన తరువాత సాంబారు అడుగున బల్లి కనిపించింది. ఇప్పుడు ప్రాణాపాయం ఉందా?’

ఈ ప్రశ్నకు సమాధానంగా రెండు మాటలు చెప్పాలి. మొదటిది, మన ఇంటి గోడలపై తిరిగే బల్లి విషజంతువు కాదు. రెండవది, అయినప్పటికీ బల్లి పడిన వంటను తినకూడదు, పూర్తిగా పారవేయాలి. ఈ రెండు మాటలు పరస్పర విరుద్ధంగా కనిపిస్తాయి. కాని రెండూ నిజమే. ఆ రెంటి నడుమ ఉన్న కారణాన్ని అర్థం చేసుకోకపోవడం వలననే మనం భయపడనవసరం లేని చోట భయపడుతున్నాము, భయపడవలసిన చోట నిశ్చింతగా భోజనం చేస్తున్నాము. ఆ కారణాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బల్లిలో ఉన్నది విషం కాదు, మలం

బల్లి పడిన ఆహారం తింటే మనిషి చనిపోతాడన్న నమ్మకం మనలో చాలా పాతది. మన పంచాంగాలలో బల్లి శరీరంలో ఏ భాగంపై పడితే ఏ ఫలితమో చెప్పే పట్టిక ఇప్పటికీ అచ్చవుతూనే ఉంది. ఆ భయమే వంటింటిలోకి కూడా వచ్చింది. కాని మన ఇళ్ళలోని బల్లులకు విషగ్రంథులు లేవు. వాటి చర్మంలో గాని, తోకలో గాని మనిషిని చంపగల పదార్థం ఏదీ లేదు.

అయితే బల్లి ప్రేగులలో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండవచ్చు. ఇది బల్లికి మాత్రమే పరిమితమైన విషయం కాదు. తాబేళ్ళు, పాములు మొదలైన సరీసృపాలలో చాలా వాటికి ఈ బ్యాక్టీరియా సహజంగానే ఉంటుంది, వాటికి ఏ జబ్బూ చేయదు. ఈ కారణంగానే అమెరికా ప్రభుత్వం 1975లో నాలుగు అంగుళాల లోపు డిప్ప ఉన్న చిన్న తాబేళ్ళను పెంపుడు జంతువులుగా అమ్మడాన్ని నిషేధించింది. పిల్లలు వాటిని పట్టుకుని, అదే చేతిని నోట్లో పెట్టుకుని జబ్బు పడడమే అందుకు కారణం. మన వంటింటి బల్లి విషయంలోనూ ప్రమాదం అదే మార్గంలో వస్తుంది. బల్లి శరీరం కంటే దాని మలం, దాని ప్రేగులలోని పదార్థం ముఖ్యం.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. సాల్మొనెల్లా వేడికి తట్టుకోలేదు. ఆహారం లోపలి భాగం 75 డిగ్రీల వేడికి చేరితే అది క్షణాలలో నశిస్తుంది. సాంబారు మరిగేది దాదాపు 100 డిగ్రీల వద్ద. బల్లి చాలా చిన్న జంతువు కనుక మరుగుతున్న సాంబారులో కొద్ది నిమిషాలలోనే అది లోపలి దాకా ఉడికిపోతుంది. అనగా పొయ్యి మీద బాగా మరుగుతున్నప్పుడు పడి, ఆ తరువాత కూడా పది పదిహేను నిమిషాలు ఉడికిన బల్లి వలన సాల్మొనెల్లా సోకే అవకాశం బహు స్వల్పం. అసహ్యం వేరు, అపాయం వేరు.

పొయ్యి కట్టేసిన తరువాత పడిన బల్లి సంగతి అది కాదు. గోరువెచ్చగా ఉన్న సాంబారు బ్యాక్టీరియాకు ఎంతో అనువైన చోటు. పప్పు, కూరగాయలు, నీరు, వెచ్చదనం అన్నీ అక్కడ ఉన్నాయి. అనుకూలమైన వెచ్చదనంలో ఇటువంటి బ్యాక్టీరియా సుమారు 20 నిమిషాలకు ఒకసారి రెట్టింపు కాగలదు. ఆ లెక్కన గంటకు మూడు రెట్టింపులు, నాలుగు గంటలకు పన్నెండు. ఒక్క బ్యాక్టీరియా నాలుగు వేలకు పైగా అవుతుంది. ఉదయం పడిన బల్లిని రాత్రి చూసినప్పుడు మనం చూస్తున్నది బల్లిని మాత్రమే. పెరిగినది మన కంటికి కనిపించదు.

కనుక అడగవలసిన మొదటి ప్రశ్న ‘బల్లి పడిందా?’ అన్నది కాదు. ‘ఎప్పుడు పడింది? ఆ తరువాత వంట ఎంతసేపు వెచ్చగా నిలిచింది?’ అన్నది. శవం కొంత సూచన ఇస్తుంది. చర్మం ఊడి, తెల్లబడి, గరిటె తగిలితే విడిపోతున్నదంటే వంటలో చాలాసేపు ఉడికిందని అనుకోవచ్చు. చర్మం రంగు చెడకుండా, శరీరం మెత్తగా, చెక్కుచెదరకుండా ఉంటే చల్లారుతున్నప్పుడు పడి ఉండవచ్చు. కాని ఇది ఊహే, రుజువు కాదు. ఆ సమయాన్ని ఎవరూ నిశ్చయంగా చెప్పలేరు కనుకనే మొత్తం గిన్నెను పారవేయమని చెబుతున్నాను. విషం ఉన్నందుకు కాదు.

గడియారం చెప్పే రోగనిర్ణయం

2024 జూలై 9న మెదక్ జిల్లా రామాయంపేటలోని తెలంగాణ మోడల్ స్కూల్ బాలికల హాస్టల్‌లో ఉదయం పెట్టిన ఉప్మాలో బల్లి కనిపించింది. విద్యార్థినులు కొందరు వాంతులు చేసుకున్నారు, వారిని ఆసుపత్రికి తరలించారు. పత్రికలలో శీర్షిక ‘బల్లి పడిన ఉప్మా’ అనే వచ్చింది. ఇటువంటి వార్త మన రాష్ట్రంలో ప్రతి ఏడాదీ ఏదో ఒక ఊరి పేరుతో వస్తూనే ఉంటుంది. ఆ పిల్లలకు ఏమైందో వారిని పరీక్షించిన వైద్యులే చెప్పగలరు. నేను ఆ సంఘటనపై తీర్పు చెప్పడం లేదు. కాని ఇటువంటి వార్త చదివినప్పుడు ఒక వైద్యుడు ముందుగా వెతికేది తిన్న వేళకు, వాంతి అయిన వేళకు మధ్య ఉన్న వ్యవధిని. ఆ వ్యవధిని చదవడం మీరూ నేర్చుకోవచ్చు.

సాల్మొనెల్లా కడుపులోకి చేరిన తరువాత జబ్బు కనబరచడానికి సమయం తీసుకుంటుంది. సాధారణంగా 6 గంటల నుండి 72 గంటల లోపు, ఎక్కువ మందిలో 12 నుండి 36 గంటల మధ్య జ్వరం, కడుపునొప్పి, విరేచనాలు మొదలవుతాయి. కనుక బల్లిని చూసిన పది నిమిషాలలో వచ్చిన వాంతికి బల్లిలోని బ్యాక్టీరియా కారణం కాజాలదు.

అయితే ఆ వాంతికి కారణం ఏమిటి? చాలా సందర్భాలలో అసహ్యం, భయం. ఒకరు వాంతి చేసుకోవడం చూసి మరొకరికి కడుపులో తిప్పడం మానవ సహజం. ఒకే గదిలో వందమంది ఉన్నప్పుడు ఇది త్వరగా వ్యాపిస్తుంది. దీన్ని నటన అని తోసిపుచ్చకూడదు. ఆ బాధ నిజమైనదే. దానికి కొన్ని గుర్తులు ఉన్నాయి. తిననివారికి కూడా వికారం వస్తుంది. జ్వరం, విరేచనాలు ఉండవు. ఆ చోటు నుండి బయటకు తీసుకువెళ్ళి, కూర్చోబెట్టి, ధైర్యం చెబితే ఒకటి రెండు గంటలలో తగ్గుతుంది. కాని అంతటితో వదిలివేయకూడదు. నిజంగా బ్యాక్టీరియా చేరి ఉంటే దాని వంతు మరునాడు వస్తుంది. కనుక తిన్నవారిని మూడు రోజుల పాటు గమనిస్తూ ఉండాలి.

ఇక తిన్న ఒకటి నుండి ఆరు గంటల లోపు చాలామందికి ఒకేసారి గట్టిగా వాంతులు మొదలైతే కథ మారుతుంది. ఇది బల్లి లక్షణం కాదు. నిలవ వంట లక్షణం. వండిన అన్నం, ఉప్మా, నూడుల్స్ వంటివి గంటల తరబడి గది వేడిలో ఉంచినప్పుడు బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా పెరిగి ఒక విషపదార్థాన్ని తయారు చేస్తుంది. వంటవాని చేతి మీద చీము పట్టిన గాయం ఉంటే స్టాఫిలోకాకస్ అనే మరొక బ్యాక్టీరియా ఇటువంటి పనే చేస్తుంది. ఈ రెండు విషాలకు ఒక ముఖ్యమైన గుణం ఉంది. బ్యాక్టీరియా చనిపోయినా విషం మిగులుతుంది. మళ్ళీ మరిగించినా పోదు. ‘వేడి చేసి పెట్టాము కదా’ అన్న హాస్టల్ యజమాని మాట ఇక్కడ పనికిరాదు.

ఒక ఉదాహరణ ద్వారా చూద్దాం. ఒక హాస్టల్‌లో ఉదయం 6 గంటలకు రోజంతటికీ సరిపడే సాంబారు కాచారనుకుందాం. 50 లీటర్ల అల్యూమినియం డేగిసా. అంత పెద్ద పాత్ర వేసవిలో చల్లారడానికే గంటలు పడుతుంది. మధ్యాహ్నం 1 గంటకు భోజనం పెట్టారు. మిగిలినదానిని మూత లేకుండా పొయ్యి పక్కనే ఉంచారు. రాత్రి 8 గంటలకు గోరువెచ్చగా చేసి మళ్ళీ వడ్డించారు. 8.30కి ఒక విద్యార్థి గరిటెలో బల్లి వచ్చింది. 8.40కి నలుగురు వాంతి చేసుకున్నారు. రాత్రి 11 గంటలకు బల్లిని చూడనివారు, ముందుగా తిని గదులకు వెళ్ళిపోయినవారు పదిమంది వాంతులతో లేచారు. మరునాటి సాయంత్రం ముగ్గురికి జ్వరం, విరేచనాలు మొదలయ్యాయి.

ఇక్కడ మూడు వేర్వేరు సంగతులు జరిగాయి. 8.40 నాటివి అసహ్యం వలన వచ్చిన వాంతులు. 11 గంటలవి పద్నాలుగు గంటలు నిలిచిన వంటలోని విషం వలన వచ్చినవి అయి ఉండవచ్చు. మరునాటివి సాల్మొనెల్లా వంటి ఇన్ఫెక్షన్ కావచ్చు. అది బల్లి నుండి వచ్చిందో, కడగని చేతి నుండి వచ్చిందో పరీక్ష చేస్తే గాని తెలియదు. కాని పత్రికలో వచ్చేది ఒకే వాక్యం: బల్లి పడిన సాంబారు తిని విద్యార్థులకు అస్వస్థత. మరునాడు యజమాని వంటవానిని మార్చుతాడు, బల్లులను తరిమిస్తాడు. సాంబారు మాత్రం యథావిధిగా ఉదయం 6 గంటల నుండి రాత్రి 8 గంటల వరకు అక్కడే ఉంటుంది.

నా అభ్యంతరం ఇదే. బల్లి నిర్దోషి అని నేను వాదించడం లేదు. దోషమంతా బల్లి మీద వేయడం వలన అసలు దోషి తప్పించుకుంటున్నదని చెబుతున్నాను.

నిజంగా ప్రాణం తీసేది

భోజనం వలన కొద్ది సమయంలోనే ప్రాణం పోయే సందర్భం ఒకటి ఉంది. అది పురుగు కాదు, పురుగుల మందు. 2013 జూలై 16న బీహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ గ్రామ పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది పిల్లలు మరణించారు. మోనోక్రోటోఫాస్ అనే పురుగుల మందు వంట నూనెలో కలిసినట్లు పరీక్షలలో తేలింది. ఆ భోజనంలో బల్లి లేదు, బొద్దింక లేదు. అసహ్యపడడానికి కంటికి కనిపించినది ఏదీ లేదు.

అందువలన వంటలో చచ్చిన బొద్దింక గాని, బల్లి గాని కనిపించినప్పుడు మరొక ప్రశ్న కూడా అడగాలి. ‘నిన్న రాత్రి వంటగదిలో మందు కొట్టారా?’ హాస్టళ్ళలో పెస్ట్ కంట్రోల్ చేయించిన మరునాడు పైకప్పు నుండి, పొగ గొట్టం నుండి చచ్చిన పురుగులు రాలడం సహజం. అప్పుడు సమస్య ఆ పురుగు కాదు. దాన్ని చంపిన మందు మూత లేని పిండి డబ్బాలలో, ఉప్పులో, నూనెలో, గిన్నెల లోపల పడిందా అన్నది సమస్య. ఈ మందును మరిగించి పోగొట్టవచ్చునని అనుకోవద్దు.

మందు లక్షణాలు మామూలు ఆహార విషం కంటే వేరుగా ఉంటాయి. తిన్న కొద్ది నిమిషాల నుండి కొన్ని గంటల లోపు వాంతులతో పాటు నోటి నుండి చొంగ కారడం, కళ్ళ వెంట నీరు, విపరీతమైన చెమట, కంటిపాప సూదిమొనలా చిన్నది కావడం, కండరాలు అదరడం, ఊపిరి ఆడకపోవడం కనిపిస్తాయి. వీటిలో ఏ ఒకటి రెండు కనిపించినా ఆలోచన వద్దు. 108కి ఫోన్ చేసి, అత్యవసర విభాగం ఉన్న పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. పంజాగుట్టలో నిమ్స్ దగ్గరలోనే ఉంది. మందు డబ్బా దొరికితే వెంట తీసుకువెళ్ళండి. దాని మీది పేరే వైద్యునికి దారి చూపుతుంది. వేలు పెట్టి వాంతి చేయించవద్దు, ఉప్పునీళ్ళు తాగించవద్దు.

ఏది పారవేయాలి, ఏది అక్కరలేదు

బల్లి, ఎలుక, బొద్దింక ఇవి మూడూ ఒక తరగతి. ఇవి మురుగు కాలువలలో, మలంలో, గోడ పగుళ్ళలో తిరిగి వచ్చేవి. వీటిలో ఏది వంటలో కనిపించినా ఆ గిన్నెలోనిది మొత్తం పారవేయాలి. సాంబారు, పులుసు వంటివాటిలో ‘ఆ భాగం’ అనేది లేదు. గరిటె అంతటా కలిపేసింది. బిర్యానీ, ఉప్మా వంటి పొడి వంటలైనా అంతే. అదే గరిటె వాడిన పక్క గిన్నెను కూడా పారవేయాలి. విడిగా మూత పెట్టి, వేరే గరిటెతో వడ్డించిన అన్నాన్ని గాని, సీల్ వేసిన పెరుగు ప్యాకెట్‌ను గాని పారవేయనవసరం లేదు. గిన్నెను సబ్బుతో తోమి, మరిగే నీళ్ళు పోసి కడిగితే చాలు.

బొద్దింక విషయంలో మరొక జాగ్రత్త ఉంది. రొయ్యలు, పీతలు పడనివారు కొందరు ఉంటారు. రొయ్యలో ఎలర్జీ కలిగించే ప్రోటీను వంటిదే బొద్దింకలో కూడా ఉంది, అది ఉడికినా పోదు. అటువంటివారికి తిన్న వెంటనే పెదవులు వాచడం, ఒంటిపై దద్దుర్లు, గొంతు బిగుసుకోవడం కనిపిస్తే అది అత్యవసర పరిస్థితి.

చీమలు, బియ్యంలోని ముక్కు పురుగులు, వర్షాకాలంలో దీపం చుట్టూ ముసిరే ఉసిళ్ళు వేరొక తరగతి. ఉడికిన అన్నంలో ఒక ముక్కు పురుగు కనిపించిందని వండిన కుండనంతా పారవేయనవసరం లేదు. దానిని తీసివేసి తినవచ్చు. బియ్యాన్ని జల్లించి, ఎండలో ఆరబోసి, బాగా కడిగి వండుకోవడం మన ఇళ్ళలో ఎప్పటి నుండో ఉన్నదే. కాని రవ్వలో గాని పిండిలో గాని పురుగులు విపరీతంగా పట్టి, గూళ్ళు కట్టి, ఘాటైన వాసన వస్తుంటే ఉంచవద్దు. జల్లిస్తే పురుగులు పోతాయి, అవి వదిలినవి పోవు. బూజు పట్టినదైతే జల్లించే ప్రయత్నమే వద్దు.

ఈగ ఈ రెంటికీ మధ్యన ఉంటుంది. పొగలు కక్కుతున్న కూర మీద ఒక క్షణం వాలి వెళ్ళిన ఈగ వలన, ఆ కూరను వెంటనే తింటే, అపాయం చాలా తక్కువ. చట్నీ, పెరుగు, కోసిన పండ్లు వంటి వేడి తగలని పదార్థంలో ఈగ పడితే ఆ గిన్నెను పారవేయండి. ఈగ కాళ్ళపై వచ్చేది మలం. చట్నీని మరిగించలేము.

మందు వాసన వచ్చినది, మందు కొట్టినప్పుడు మూత లేకుండా ఉన్నది ఏదైనా పారవేయాలి. దీనికి మినహాయింపు లేదు.

చివరి తరగతిలో ఏ పురుగూ లేదు. వండిన తరువాత 60 డిగ్రీల పైన వేడిగా గాని, ఫ్రిజ్‌లో చల్లగా గాని కాకుండా నాలుగు గంటలకు మించి గది వేడిలో నిలిచిన అన్నం, సాంబారు, కూర, చట్నీ ఇందులోకి వస్తాయి. దీనిని కూడా పారవేయాలి. వేసవిలో రెండు గంటలకే జాగ్రత్త పడడం మేలు. బల్లి పడిన సాంబారును ఎవరూ చెప్పకుండానే పారవేస్తాము. ఈ చివరి తరగతి ఆహారాన్ని మాత్రం ఎవరు చెప్పినా పారవేయము. ఆ రాత్రి హాస్టల్‌లో ఎక్కువ మందిని ఆసుపత్రికి పంపగలిగేది ఇదే.

పారవేసే ముందు ఒక పని

బల్లి కనిపించిన వెంటనే హాస్టల్ సిబ్బంది చేసే మొదటి పని డేగిసాను సింకులో బోర్లించడం. విద్యార్థులు చేసే మొదటి పని వీడియో తీయడం. రెంటి వలన రోగికి కలిగే మేలు తక్కువ. సాంబారు పోయిన తరువాత అందులో ఏముందో ఎవరూ చెప్పలేరు. వీడియోలో బ్యాక్టీరియా కనిపించదు, పురుగుల మందు కనిపించదు.

పారవేసే ముందు పావు కిలో అంత ఆహారాన్ని, ఆ బల్లితో సహా, శుభ్రమైన పొడి డబ్బాలోకి తీసి మూత పెట్టండి. వంట చేసిన వేళ, వడ్డించిన వేళ, బల్లి కనిపించిన వేళ కాగితం మీద రాసి డబ్బాకు అంటించండి. దానిని ఫ్రిజ్‌లో ఉంచండి. ఇతరులు పొరపాటున తినకుండా గుర్తు పెట్టండి. తిన్నవారి పేర్లు, ఎవరికి ఏ వేళకు ఏ లక్షణం మొదలైందో వరుసగా రాయండి. ఈ ఒక్క కాగితం వైద్యునికి పది వీడియోల కంటే విలువైనది.

2024 ఫిబ్రవరిలో అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లోని ఒక దుకాణంలో కొన్న చాక్లెట్‌లో పురుగు కదులుతూ కనిపించిన సంగతి మీకు గుర్తుండవచ్చు. కొన్నవారు బిల్లుతో సహా బయటపెట్టారు. రాష్ట్ర ఆహార ప్రయోగశాల పరీక్షించి ఆ చాక్లెట్ తినడానికి సురక్షితం కాదని తేల్చింది. ఆ మాట అధికారికంగా వెలువడినది పరీక్షకు నమూనా ఉన్నందున. వండిన సాంబారుకు బ్యాచ్ నంబరు ఉండదు, రెండవ ప్యాకెట్ ఉండదు. మీరు తీసి ఉంచిన ఆ డబ్బాయే దానికి ఆధారం.

మన ఆహార భద్రతా చట్టం 2006లో పురుగు పట్టిన ఆహారాన్ని ‘సురక్షితం కాని ఆహారం’ నిర్వచనంలో చేర్చారు. బయటి పదార్థం కలిసిన ఆహారానికి లక్ష రూపాయల వరకు జరిమానా వేయవచ్చునని 54వ సెక్షన్ చెబుతుంది. జీహెచ్‌ఎంసీకి 040-21111111 నంబరు ద్వారా ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదు చేసేటప్పుడు ‘బల్లి పడింది’ అని మాత్రమే చెప్పి ఊరుకోవద్దు. ‘ఉదయం వండినది రాత్రి వడ్డించారు, మూత లేదు’ అని కూడా చెప్పండి. అధికారి వచ్చినప్పుడు చూడవలసినది అదే.

తిన్నవారు ఏమి చేయాలి

ఏ లక్షణమూ లేనివారికి ఏ మందూ అక్కరలేదు. ముందు జాగ్రత్త పేరుతో యాంటీబయాటిక్ మింగవద్దు. వాంతులు, విరేచనాలు మొదలైతే ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను దానిపై రాసినట్లు లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి, కొద్ది కొద్దిగా తాగించండి. ప్యాకెట్ లేకుంటే లీటరు నీటికి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచాను అంచు దాకా సమంగా కొలిచి కలపండి. ఉప్పు ఎక్కువ కాకూడదు. విరేచనంలో రక్తం, తగ్గని జ్వరం, తాగిన నీరు కూడా నిలవని వాంతి, ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం, మగత వీటిలో ఏది ఉన్నా ఆసుపత్రికి వెళ్ళాలి. పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధులు, షుగరు, కిడ్నీ జబ్బులు ఉన్నవారు ఇంత దాకా ఆగకూడదు.

హాస్టల్ నడిపేవారికి, అందులో ఉండేవారికి చివరిగా ఒక మాట. బల్లి సాంబారులోకి ఎందుకు వస్తుంది? పొయ్యి పైన ట్యూబ్‌లైటు ఉంటుంది. లైటుకు పురుగులు వస్తాయి, పురుగుల కోసం బల్లి వస్తుంది, కింద మూత లేని డేగిసా ఉంటుంది. లైటును పొయ్యికి కొంచెం దూరంగా మార్చి, డేగిసాకు సరిపడే మూత కొంటే బల్లి సమస్య చాలా వరకు తీరుతుంది. రెండవ సమస్య మూతతో తీరదు. సాంబారును రెండు పూటలా విడిగా వండాలి. లేదా మధ్యాహ్నం మిగిలినదానిని వెంటనే లోతు లేని పళ్ళేలలోకి మార్చి చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టి, రాత్రి పొగలు వచ్చేలా మరిగించాలి. మీరు చేరబోయే హాస్టల్‌లో గది, వైఫై చూసిన తరువాత వంటగదిలోకి కూడా ఒకసారి వెళ్ళండి. బల్లుల కోసం గోడలు వెతకవద్దు. రాత్రి వడ్డించబోయే సాంబారు ఏ వేళకు కాచారో అడగండి.